ఫోటో చూసి రకం చెప్పడం: రంగును చివరికి నెట్టిన రెండు నెలల డైరీ

1వ రోజు

కొత్తగా కుందేలునో, గినీ పిగ్‌నో, హ్యామ్‌స్టర్‌నో ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు నాకు ఫోటో పంపి "ఇది ఏ రకం?" అని అడుగుతుంటారు. మూడింటినీ పెంచాను కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళకి విడిగా జవాబు రాస్తూ వచ్చాను. అలా రాసేటప్పుడు నేను ఫోటోలో ఏం చూస్తున్నానో నాకే స్పష్టంగా తెలియడం లేదని ఈమధ్య అనిపిస్తోంది. చూడగానే పేరు తడుతుంది, అంతే. అలా కాకుండా, నేను పక్కన లేకపోయినా కొత్తవాళ్ళు తమ ఫోటోను తామే చదువుకునేలా ఒక పెద్ద అట్ట మీద చార్టు తయారు చేయాలి. ఈ డైరీ దాని గురించే.

నా దగ్గర పాత ఫోటోలు నలభై ఆరు ఉన్నాయి. వాటిలో ప్రతి జంతువూ పెద్దయ్యాక ఏమైందో నాకు తెలుసు, అంటే సరైన జవాబులు నా దగ్గర ఉన్నట్టే. ఈరోజు వాటిని ప్రింటు తీసి నేల మీద పరిచాను. మొదటి ఆలోచన చాలా మామూలుది: రంగును బట్టి వరసలు పెట్టడం. తెల్లవి ఒక వరస, నలుపు తెలుపు కలిసినవి ఇంకో వరస, గోధుమరంగువి మరోటి. ఒక్కో వరస కింద రకాల పేర్లు రాశాను. సాయంత్రానికి చార్టు చూడముచ్చటగా తయారైంది.

3వ రోజు

మా పిన్ని కూతురికి ఇరవై ఫోటోలు, చార్టు ఇచ్చి రకాలు చెప్పమన్నాను. తను ఎప్పుడూ ఏ జంతువునూ పెంచలేదు, అందుకే తననే పిలిచాను. ఇరవైలో ఏడే సరిపోయాయి. తప్పు తనది కాదు. చార్టు ఎలా చెప్పిందో అలాగే చేసింది.

ఎక్కడ తప్పిందో ఇద్దరం కూర్చుని చూశాం. ఒళ్ళంతా తెలుపు, ముక్కు, చెవులు, కాళ్ళు, తోక మాత్రం నలుపు, కళ్ళు ఎర్రవి అయిన కుందేళ్ళ ఫోటోలు రెండు ఉన్నాయి. తను రెండిటికీ "హిమాలయన్" అని రాసింది. ఒకటే హిమాలయన్. రెండోది కాలిఫోర్నియన్. రంగులో రెండిటికీ తేడా లేదు. హిమాలయన్ పెద్దయ్యాక కూడా 1 నుంచి 2 కిలోల లోపే ఉంటుంది, ఒళ్ళు సన్నగా, పొడుగ్గా, గొట్టంలా సాగి ఉంటుంది. కాలిఫోర్నియన్ 4 కిలోలు దాటుతుంది, వీపు గుండ్రంగా, తుంటి దగ్గర బలిసి ఉంటుంది. ఒకదానికి సరిపోయే బోనులో రెండోది తిరగడానికే చోటుండదు.

ఆ నలుపు ఎందుకు వస్తుందో తెలిస్తే రంగును ఎందుకు నమ్మకూడదో ఇంకా బాగా అర్థమవుతుంది. ఈ కుందేళ్ళలో నల్లరంగును తయారుచేసే ఎంజైము వేడి తగిలితే పనిచేయదు. ఒంటి మధ్యభాగం వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడ తెలుపే మిగులుతుంది. చల్లగా ఉండే చివరలు, అంటే ముక్కు, చెవులు, పాదాలు, తోక నల్లబడతాయి. చలికాలంలో ఆ నలుపు ముదురుతుంది, వేసవిలో పలచబడుతుంది. పుట్టిన కొత్తలో పిల్లకు ఆ గుర్తులు సరిగ్గా ఉండవు. ఇదే తీరు కొన్ని గినీ పిగ్‌లలోనూ ఉంది. ఒకే జంతువు ఆరు నెలల తేడాతో తీసిన రెండు ఫోటోల్లో రెండు రకాలుగా కనిపించగలదు. అలాంటిదాన్ని నేను చార్టులో మొట్టమొదటి మెట్టుగా పెట్టాను!

మా చెల్లి ఒక మాట అంది. "అక్కా, రకం పేరు తెలిశాక వాళ్ళేం చేస్తారు?" ఆ ప్రశ్నతో చార్టు మొత్తం మారిపోయింది. బోను ఎంత పెద్దది కావాలి, ఒంటరిగా ఉంచాలా జతగా ఉంచాలా, ఏం పెట్టాలి, రోజూ దువ్వాలా అనే నాలుగు విషయాలు తేల్చుకోవడానికే పేరు కావాలి. వీటిలో ఒక్కదాన్ని కూడా రంగు నిర్ణయించదు.

రంగుల చార్టు తీసి పక్కన పెట్టేశాను.

5వ రోజు

కొత్త వరస: ముందు ఏ జాతో తేల్చాలి. తర్వాత వయసు, కొలత. ఆ తర్వాత ఒంటి తీరు, చెవులు, బొచ్చు. రంగు అన్నిటికంటే చివర.

"ఏ జాతి" అనే మెట్టు అనవసరమని మొదట అనుకున్నాను. కుందేలుకీ హ్యామ్‌స్టర్‌కీ తేడా ఎవరికి తెలియదు? కానీ పాత ఫోటోల్లోనే నాకు జవాబు దొరికింది. రెండేళ్ళ కిందట ఒకావిడ తన "హ్యామ్‌స్టర్" గింజలు సరిగ్గా తినడం లేదని ఫోటో పంపింది. అది మూడు నాలుగు రోజుల గినీ పిగ్ పిల్ల. గినీ పిగ్ పిల్లలు కళ్ళు తెరుచుకుని, ఒంటినిండా బొచ్చుతో, పళ్ళతో పుడతాయి. పుట్టినప్పుడే 70 నుంచి 100 గ్రాములు ఉంటాయి, దాదాపు పెద్ద సిరియన్ హ్యామ్‌స్టర్ అంత. అంత చిన్న జంతువు చకచకా నడుస్తుంటే చూసినవాళ్ళు దాన్ని పిల్ల అనుకోరు, అదే దాని పూర్తి సైజు అనుకుంటారు.

ఇక్కడ పొరపాటుకు మూల్యం పెద్దది. గినీ పిగ్ ఒళ్ళు మనిషి ఒంటిలాగే విటమిన్ సి తయారు చేసుకోలేదు. హ్యామ్‌స్టర్‌కి పెట్టే గింజల మిశ్రమంలో ఆ విటమిన్ దానికి సరిపడా ఉండదు. కొన్ని వారాల్లోనే కీళ్ళు వాచి, నడవడానికి ఇష్టపడక ఒక మూల కూర్చుంటుంది. పైగా దానికి రోజంతా నమలడానికి ఎండుగడ్డి ఉండాలి, తోడుగా ఇంకో గినీ పిగ్ ఉండాలి. హ్యామ్‌స్టర్ పెంపకం దీనికి పూర్తిగా వేరు.

ఫోటోలో తేల్చడం తేలికే. గినీ పిగ్‌కి పైకి కనిపించే తోక ఉండదు. చెవి పలచటి పూరేకులా పక్కకు వాలి ఉంటుంది, హ్యామ్‌స్టర్ చెవి గుండ్రంగా నిలబడి ఉంటుంది. వెనక కాలికి మూడే వేళ్ళు. తిండిని చేతుల్లో పట్టుకుని కూర్చుని తింటున్న ఫోటో ఉంటే అది గినీ పిగ్ కాదు. గినీ పిగ్ ముందుకాళ్ళతో తిండిని పట్టుకోలేదు, బుగ్గల్లో సంచులు కూడా ఉండవు. చార్టులో ఈ మెట్టుకు రెండు బొమ్మలు చాలు: వెనక భాగం ఒకటి, చెవి ఒకటి.

8వ రోజు

ఫోటో ఎలా తీయాలో చెప్పకుండా చార్టు ఇచ్చి లాభం లేదు. వచ్చే ఫోటోల్లో ఎక్కువ భాగం మనిషి నిలబడి, ఫోన్‌ను జంతువు మొహానికి దగ్గరగా పెట్టి పైనుంచి తీసినవే. అలా తీస్తే ముక్కు, తల పెద్దగా, ఒళ్ళు చిన్నగా పడుతుంది. పెద్ద కుందేలు కూడా పిల్లలా, ముద్దుగా, "డ్వార్ఫ్"లా కనిపిస్తుంది. ఫోన్‌ను చేయి చాచినంత దూరంలో ఉంచి, జూమ్ కొంచెం పెంచి, జంతువు కంటి ఎత్తుకు దించి పక్కనుంచి తీస్తే ఈ మోసం చాలావరకు పోతుంది.

కొలతకి కూడా ఒక వస్తువు కావాలి. అరచేయి పనికిరాదు, ఒక్కొక్కరిది ఒక్కో సైజు. ఏటీఎం కార్డు ఎక్కడైనా ఒకే కొలతలో ఉంటుంది, పొడవు 8.56 సెంటీమీటర్లు. నంబర్లు కనపడకుండా తిరగేసి, కార్డు వెనకవైపు నంబరు ఉంటే దాని మీద కాగితం అంటించి, జంతువు పక్కన అదే నేల మీద పెట్టాలి. కార్డు జంతువు ముందు ఉంటే జంతువు చిన్నదైపోతుంది, వెనక ఉంటే పెద్దదైపోతుంది. సరిగ్గా పక్కనే, ఒకే దూరంలో ఉండాలి.

10వ రోజు, రాత్రి

ఈరోజు జరిగింది వివరంగా రాసుకోవాలి. చార్టులో హ్యామ్‌స్టర్ భాగం మొత్తం దీని మీదే కట్టబోతున్నాను.

సాయంత్రం మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, రెండు డ్వార్ఫ్ హ్యామ్‌స్టర్లు తెచ్చాను. అక్కచెల్లెళ్ళట, కలిపి ఉంచొచ్చని అమ్మినాయన చెప్పాడు. ఫోటో పంపాను, చూడు."

ఫోటోలో లేత గోధుమరంగు హ్యామ్‌స్టర్లు రెండు, ఒకే బోనులో, ఒకే గిన్నెలో తింటున్నాయి. చిన్నవే. కార్డు పక్కన పెట్టి మళ్ళీ తీయమన్నాను. ఫోటోను కంప్యూటర్‌లో తెరిచి కొలిచాను: కార్డు 428 పిక్సెళ్ళు, హ్యామ్‌స్టర్ ముక్కు నుంచి తోక మొదలు వరకు 390 పిక్సెళ్ళు. అంటే 390ని 428తో భాగించి 8.56తో గుణిస్తే 7.8 సెంటీమీటర్లు.

ఇక్కడే నేను ఇంతకుముందు అయితే "సరే, డ్వార్ఫే" అని ఉండేదాన్ని. డ్వార్ఫ్ రకాలైన క్యాంప్‌బెల్ గానీ వింటర్ వైట్ గానీ పూర్తిగా పెరిగాక ఇంచుమించు ఆ పొడవే ఉంటుంది. కానీ అయిదారు వారాల సిరియన్ పిల్ల కూడా ఆ పొడవే ఉంటుంది. అదే సిరియన్ పెద్దయితే 13 నుంచి 18 సెంటీమీటర్లకు చేరుతుంది. కాబట్టి ఈ కొలత రెండిటికీ సరిపోతుంది, దేన్నీ తేల్చదు. కొలత తేల్చేది ఒకవైపే: 12 సెంటీమీటర్లు దాటి, ఒళ్ళు బరువుగా కనిపిస్తే అది సిరియన్. చిన్నగా ఉంటే మాత్రం ఇంకా అడగాల్సింది ఉంది.

తర్వాత వీపు చూశాను. క్యాంప్‌బెల్‌కీ వింటర్ వైట్‌కీ సహజ రంగులో ఉంటే తల నుంచి తోక వరకు నల్లటి చార ఉంటుంది. ఈ రెండిటికీ లేదు. కానీ దాన్నిబట్టి సిరియన్ అనేయడానికి వీల్లేదు. తెల్లగా, లేత రంగుల్లో పుట్టే డ్వార్ఫ్‌లకు చార కనపడకపోవచ్చు. రోబోరోవ్‌స్కీకి అసలు చారే ఉండదు. అయితే రోబో మరీ చిన్నది, 4-5 సెంటీమీటర్లే, కళ్ళ మీద తెల్లటి కనుబొమల్లాంటి మచ్చలుంటాయి. ఇది రోబో కాదని అక్కడ తేలింది. చైనీస్ హ్యామ్‌స్టర్‌కి రెండు మూడు సెంటీమీటర్ల తోక బయటికి కనిపిస్తుంది. ఇక్కడ అదీ లేదు.

అప్పుడు అడుగు భాగం గుర్తొచ్చింది. క్యాంప్‌బెల్, వింటర్ వైట్, రోబో ఈ మూడూ ఒకే గుంపువి, వాటి అరికాళ్ళ మీద బొచ్చు ఉంటుంది. సిరియన్ అరికాలు బొచ్చు లేకుండా గులాబీరంగులో ఉంటుంది. పిల్లను చేత్తో తిప్పి పట్టుకోమంటే కరుస్తుంది, లేదా జారి పడుతుంది. అందుకే మా తమ్ముడికి ఇలా చెప్పాను: "అడుగున గీతలు లేని, పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకో. అందులో కొంచెం తిండి వేసి, ఒక్కదాన్ని దించు. డబ్బాను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, మంచం మీదే కొద్దిగా పైకెత్తి, కిందనుంచి ఫోటో తియ్యి. ఒక్క నిమిషంలో అయిపోవాలి."

ఆ ఫోటో రాగానే సగం తేలిపోయింది. వెనక అరికాళ్ళు నున్నగా, గులాబీరంగులో ఉన్నాయి. పొట్ట మధ్యలో ఏ గుర్తూ లేదు. డ్వార్ఫ్‌లకు వాసన గ్రంథి పొట్ట మధ్యలో ఒకటి ఉంటుంది, ముఖ్యంగా మగవాటికి పసుపుపచ్చటి పొక్కులా కనిపిస్తుంది. సిరియన్‌కి ఆ గ్రంథులు రెండు, రెండు తుంటుల దగ్గర. "తుంటి మీద బొచ్చును తడిపిన దూదితో మెల్లగా పక్కకు తోసి ఫోటో తియ్యి" అన్నాను. రెండో ఫోటోలో తుంటికి అటూ ఇటూ చిన్న నల్లటి చుక్కలు. కొత్తవాళ్ళు దాన్ని పుండు అనుకుని భయపడతారు, అది పుండు కాదు.

అరికాళ్ళు, తుంటి చుక్కలు, ఒంటికి తగ్గ పెద్ద చెవులు, చార లేకపోవడం. ఈ నాలుగూ కలిస్తే సిరియన్ పిల్లలే.

"అలాగైతే ఏమవుతుందక్కా?"

"సిరియన్‌లు ఒంటరివిరా. చిన్నప్పుడు తోబుట్టువులతో బాగానే ఉంటాయి. ఎనిమిది పది వారాలు వచ్చేసరికి ఒకదాన్నొకటి చంపుకునేంతగా కొట్టుకుంటాయి. ఇవాళే విడదీసెయ్యి."

"ఇప్పుడైతే ఒకదాని మీద ఒకటి పడుకుంటున్నాయే!"

ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. ఒకదాని మీద ఒకటి పడుకోవడం చూసి ప్రేమ అనుకుంటారు. గొడవలు రాత్రిపూట, మనం నిద్రలో ఉండగా మొదలవుతాయి. చెవులు, పిర్రల దగ్గర దగ్గరగా ఫోటోలు తీయమన్నాను. ఒకదాని ఎడమ చెవి అంచు కొంచెం కొరికినట్టు చీలి ఉంది. అప్పటికే మొదలైందన్నమాట. పదింటికల్లా రెండోదాన్ని పెద్ద ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాడు. అడుగున మందంగా పొట్టు, ఒక నీళ్ళ సీసా, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె.

ఆడా మగా కూడా చూశాం, ఎందుకంటే అమ్మినాయన ఒక విషయంలో పొరబడ్డాడు కాబట్టి ఇంకోదాంట్లోనూ పొరబడొచ్చు. మల, మూత్ర ద్వారాల మధ్య దూరం ఆడదానికి చాలా తక్కువ, మగదానికి స్పష్టంగా ఎక్కువ. డబ్బా ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఆడవే. ఒకటి మగదై ఉంటే విడదీయడం ఇంకా అత్యవసరం అయ్యేది. సిరియన్‌కి గర్భం 16 రోజులే, పైగా నెల దాటిన పిల్లకే కడుపు రాగలదు.

17వ రోజు

మా తమ్ముడి దగ్గర వంటింటి తూకం యంత్రం ఉంది. ఆ రాత్రే వాటిని డబ్బాలో పెట్టి తూచమన్నాను, డబ్బా బరువు తీసేయగా పెద్దది 48 గ్రాములు. ఇవాళ 63. ఎదిగిన క్యాంప్‌బెల్ సాధారణంగా 50 గ్రాముల లోపే ఆగిపోతుంది, అక్కడి నుంచి వారంలో 15 గ్రాములు పెరగదు. ఫోటోలు చెప్పినదాన్ని తూకం ఖాయం చేసింది. అరికాళ్ళ ఫోటో తీయలేనివాళ్ళకు చార్టులో ఈ దారి కూడా రాశాను: వారం తేడాతో రెండుసార్లు తూచండి, ఈలోపు విడిగా ఉంచండి.

ఆ "ఈలోపు విడిగా ఉంచండి" అన్న మాటను ఎర్ర అక్షరాలతో రాశాను. అనుమానం ఉన్నన్నాళ్ళూ సిరియన్ అనుకుని విడిగా ఉంచితే ఏ హ్యామ్‌స్టర్‌కీ హాని లేదు. డ్వార్ఫ్ అనుకుని కలిపి ఉంచి, అది తప్పయితే ఒకటి చచ్చిపోతుంది. నిజానికి డ్వార్ఫ్ అని తేలినా రెండూ కలిసి ఉంటాయన్న హామీ లేదు, అవీ పోట్లాడుకుంటాయి.

తమ్ముడు కొన్న చక్రాలు కూడా మార్చాల్సి వచ్చింది. డ్వార్ఫ్‌కి 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం సరిపోతుంది. సిరియన్ పెద్దయ్యాక 28 సెంటీమీటర్లది కావాలి. పరుగెత్తేటప్పుడు పక్కనుంచి ఫోటో తీస్తే తెలుస్తుంది: వీపు వెనక్కి విల్లులా వంగితే చక్రం చిన్నదైందని అర్థం.

21వ రోజు

క్యాంప్‌బెల్‌నీ వింటర్ వైట్‌నీ వేరు చేసే గడి కోసం నాలుగు రోజులు పోరాడాను. గుర్తులు లేక కాదు. వింటర్ వైట్ తల మీద నల్లటి వజ్రం ఆకారం మచ్చ ఉంటుంది, వీపు చార వెడల్పుగా ఉంటుంది, ముక్కు పైభాగం కొంచెం ఉబ్బుగా ఉంటుంది. క్యాంప్‌బెల్ చార సన్నం, మొహం కొంచెం కోసుగా ఉంటుంది. పగటివేళ తగ్గే కాలంలో వింటర్ వైట్ తెల్లబడుతుంది కూడా. కానీ ఇళ్ళలో రాత్రిపూట లైట్లు వెలుగుతుంటాయి కాబట్టి ఆ మార్పు పూర్తిగా రాకపోవచ్చు.

చిక్కు ఏమిటంటే ఈ రెండూ ఒకదానితో ఒకటి కలిసి పిల్లల్ని కంటాయి, పెంపుడువాటిలో ఎన్నో అలాంటి కలగలుపులే. నా ఫోటోల్లో రెండిటి గుర్తులూ ఒకే జంతువు మీద ఉన్నవి మూడున్నాయి. వాటిని ఏ నిపుణుడూ ఫోటో చూసి ఖాయంగా చెప్పలేడు. తిండీ, చక్రం, బోను రెండిటికీ ఒకటే. కాబట్టి గడిలో "డ్వార్ఫ్ (క్యాంప్‌బెల్, వింటర్ వైట్, లేదా రెండూ కలిసినది)" అని రాసి వదిలేశాను. దాని కింద ఒక్క హెచ్చరిక మాత్రం పెట్టాను: రకం తెలియకుండా వాటిని జతకట్టించవద్దు, కలగలుపు జతల్లో కాన్పు కష్టమై తల్లులు చనిపోతుంటాయి.

28వ రోజు

గినీ పిగ్‌లు. ఈ వారం హాయిగా గడిచింది, ఎందుకంటే ఇక్కడ ఒక్క విషయాన్ని చూడటం వస్తే సగం పని అయిపోతుంది. బొచ్చు ఎంత పొడుగుందని కాదు, ఎటు పోతోందని చూడాలి.

పైనుంచి, దువ్వకముందు తీసిన ఫోటో కావాలి. ఒంటి మీద సుడులు వెతకాలి. మన పిల్లల తలలో సుడి ఎలా ఉంటుందో అలాగే, ఒక చుక్క చుట్టూ వెంట్రుకలు తిరిగి ఉంటాయి. సుడే లేకుండా బొచ్చంతా ముక్కు నుంచి వెనక్కి నున్నగా పడి ఉంటే పొట్టి బొచ్చు రకం, దాన్నే అమెరికన్ అనో ఇంగ్లిష్ అనో అంటారు. నుదుటి మీద ఒక్కటే సుడి ఉంటే క్రెస్టెడ్. ఒళ్ళంతా ఎనిమిది నుంచి పది సుడులు వరసగా ఉండి, వాటి అంచులు కలిసేచోట బొచ్చు గట్టుల్లా నిలబడితే అబిసీనియన్. రెండు మూడు సుడులే ఉంటే అది కలగలుపు, ఎక్కువ ఇళ్ళల్లో ఉండేవి ఇవే.

పొడుగు బొచ్చు వాటిలో ముఖ్యంగా పెరూవియన్, సిల్కీ అని రెండున్నాయి. ఈ రెండిటికీ తేడా కూడా సుడిలోనే ఉంది. పెరూవియన్‌కి పిర్రల మీద రెండు సుడులుంటాయి. అవి బొచ్చును ముందుకు తోస్తాయి, అందుకే జుట్టు మొహం మీద పడి ముందేదో వెనకేదో తెలియదు. సిల్కీకి ఆ సుడులు లేవు, బొచ్చంతా వెనక్కి పోతుంది, మొహం తేటగా కనిపిస్తుంది. సిల్కీ బొచ్చు వంకులు తిరిగి ఉంటే టెక్సెల్.

ఇందులో కొత్తవాళ్ళకు పనికొచ్చేది పిల్లల విషయం. మొదటి వారాల్లో పొడుగు బొచ్చు పిల్ల కూడా పొట్టి బొచ్చు దానిలాగే కనిపిస్తుంది. అప్పుడు పిర్రల దగ్గర ఫోటో తీస్తే పెరూవియన్‌ని ముందే పట్టుకోవచ్చు. సిల్కీ పిల్లని మాత్రం ఇంకొన్ని వారాలు ఆగి, తుంటి దగ్గర బొచ్చు మిగతాచోట్ల కంటే పొడుగవుతుందేమో చూడాలి. పొడుగు రకమైతే రోజూ దువ్వాలి, వెనక బొచ్చు నేలకు తగలకుండా కత్తిరించాలి. కత్తిరించకపోతే అది మూత్రంలో తడిసి అట్టకడుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది, వేడి రోజుల్లో ఈగలు వాలి పురుగులు కూడా పడతాయి. రకం తెలుసుకున్నందుకు చేయాల్సిన పని ఇదే.

టెడ్డీ, రెక్స్ అని ఇంకో జంట ఉంది. రెండిటికీ పొట్టిగా, గట్టిగా, నిక్కబొడిచిన బొచ్చు. వాటి జన్యువులు వేరు, రెండిటినీ జత కడితే నున్నటి బొచ్చు పిల్లలు పుడతాయి. ఫోటోలో మాత్రం నాకే తేడా తెలియదు. రెండిటి పెంపకం ఒకటే కాబట్టి ఒకే గడిలో పెట్టాను.

12వ రోజు నుంచి రాస్తున్న కుందేలు పేజీ (ఇక్కడ అంటిస్తున్నాను)

12వ రోజున మా వీధిలో ఒకాయన తన ఎనిమిదేళ్ళ పాపతో వచ్చి కుందేలు పిల్ల ఫోటో చూపించారు. "నెదర్లాండ్ డ్వార్ఫ్ అని ఇచ్చారండీ. ఇది ఇంతకంటే పెద్దగా పెరగదట." ఫోటోలో గుండ్రటి మొహం, పొట్టి చెవులు, గోధుమరంగు. ఎవరైనా డ్వార్ఫ్ అనే అంటారు.

కానీ ఏ కుందేలు పిల్లకైనా మొదట్లో మొహం గుండ్రంగా, చెవులు పొట్టిగా ఉంటాయి. డ్వార్ఫ్ అంటే ఆ పిల్లతనపు రూపం జీవితాంతం నిలిచిపోయినది. ఎదిగిన నెదర్లాండ్ డ్వార్ఫ్ కిలోకి అటూ ఇటూగా ఉంటుంది, చెవులు 5 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. కాబట్టి పిల్ల ఫోటోలో చెవి పొట్టిగా ఉండటం ఏ సాక్ష్యమూ కాదు. నేను వెనక పాదాలు చూశాను. కార్డు పక్కన పెట్టి తీయించిన ఫోటోలో ఒంటితో పోలిస్తే పాదాలు చాలా పొడుగ్గా ఉన్నాయి, ఇంకా పెరగబోయే ఒంటికి తగ్గ పాదాలవి. ఆయన చెప్పినదాన్నిబట్టి వయసు ఆరు వారాలు. తూకం 900 గ్రాములు. ఆరు వారాలకే ఒక డ్వార్ఫ్ జీవితకాలపు బరువుకి దగ్గరైపోయింది.

"డ్వార్ఫ్ కాదనుకుంటున్నానండీ. ఏ రకమో ఇప్పుడే చెప్పలేను. వారానికోసారి తూచి రాసి ఉంచండి" అన్నాను. పాప నోట్‌బుక్ తెచ్చి అప్పుడే గీతలు గీసింది.

వేలాడే చెవుల విషయం కూడా ఇలాంటిదే. లాప్ రకాల పిల్లలు నిలబడ్డ చెవులతోనే పుడతాయి. కొన్ని వారాల తర్వాత ఒక్కొక్కటిగా వాలతాయి. మధ్యలో ఒక చెవి వాలి, ఇంకోటి నిలబడి ఉండే దశ ఉంటుంది, ఆ ఫోటో పంపి "చెవికి ఏమైంది?" అని భయపడతారు. రెండు చెవులూ పక్కలకు విమానం రెక్కల్లా ఆగిపోయే కుందేళ్ళూ ఉన్నాయి, కలగలుపుల్లో ఇది మామూలే. అయితే ఎదిగిన కుందేలుకి, ఎప్పుడూ నిలబడి ఉండే చెవి ఉన్నట్టుండి వాలినా, తల ఒకపక్కకు వంచినా అది రకం గుర్తు కాదు, జబ్బు గుర్తు కావచ్చు. ఫోటో పంపడం మానేసి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈ వాక్యాన్ని చెవుల గడి పక్కనే పెట్టాను.

మెడచుట్టూ జూలు ఉంటే లయన్‌హెడ్ అంటారు. పిల్లప్పుడు జూలు ఉన్నవాటిలో కొన్ని బొచ్చు రాలే కాలం దాటాక నున్నగా అయిపోతాయి. జూలున్న పిల్లకి "లయన్‌హెడ్ పోలిక" అని మాత్రమే రాయమన్నాను.

41వ రోజు

చెల్లికి మళ్ళీ పరీక్ష. కొత్త చార్టు, తను చూడని ఇరవై ఫోటోలు. ఈసారి జవాబు "సరి, తప్పు" అని కాకుండా మూడు విధాలుగా లెక్కపెట్టాను: సరిగ్గా చెప్పినవి, "ఈ ఫోటోతో తేలదు" అన్నవి, తప్పు చెప్పినవి. పన్నెండు సరి, ఆరు తేలవు, రెండు తప్పు.

తేలవన్న ఆరింటిలో అయిదు నిజంగానే తేలనివి, పిల్లలవీ కలగలుపులవీ. ఆరోదానికి పక్కనుంచి తీసిన ఫోటో లేదు, అది ఉంటే తేలేది. తప్పుల్లో ఒకటి సుడి లెక్క. నల్లటి గినీ పిగ్ మీద సుడులు ఫోటోలో కనపడలేదు. ముదురు రంగు బొచ్చుకి వెలుతురు పక్కనుంచి, కిటికీ వైపునుంచి పడేలా తీయాలని చేర్చాను. ఫ్లాష్ వేస్తే సుడులు మరీ మాయమవుతాయి, పైగా ఎర్ర కళ్ళు కానివి కూడా ఎర్రగా కనిపిస్తాయి.

రెండో తప్పు నాది. పొడుగ్గా సాగి పడుకున్న సిరియన్‌ని, ముడుచుకుని కూర్చున్న గినీ పిగ్ పిల్లనీ పక్కపక్కన ముద్రించాను, కొలత చెప్పే కార్డు లేకుండా. అవి తీసేసి వేరే ఫోటోలు పెట్టాను.

చార్టును మా పశువైద్యురాలికి చూపించాను. ఆవిడ చాలాసేపు చదివి, "రకం పేర్ల కంటే పైన వయసు గడి పెద్దగా ఉండాలమ్మా. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో రకం తప్పయినవాళ్ళకంటే వయసు తప్పు చెప్పినవాళ్ళే ఎక్కువ" అన్నారు. ఆ గడిని రెండింతలు చేశాను.

58వ రోజు

చార్టు చివరి ప్రింటు తీశాను. రంగుల వరస అడుగున, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉంది.

సాయంత్రం కుందేలు పాప, వాళ్ళ నాన్న వచ్చారు. నోట్‌బుక్‌లో ఏడు బరువులున్నాయి: 900 గ్రాములతో మొదలై, పది వారాల వయసుకి 1 కిలో 700, ఇవాళ 2 కిలోల 200. గీత ఇంకా వంగడం లేదు, పైకే పోతోంది. మూడు కిలోలు దాటొచ్చని చెప్పాను. చెవులు నిటారుగా, తల కంటే పొడుగ్గా ఉన్నాయి. రకం గడిలో "కలగలుపు, మధ్యస్థం నుంచి పెద్ద" అని రాసి ఇచ్చాను.

ఆయన మొదట కొన్న బోనులో ఇప్పుడు అది మూడు గెంతులు కూడా వేయలేదు. వెనక గది మూలలో కంచె కడతామని కొలతల టేపు తెచ్చారు. పాప కుందేలును నేల మీద వదిలి, అది ఒక్క గెంతుకు ఎంత దూరం పోతుందో కొలుస్తోంది, నేను రాసుకుంటున్నాను.